హెబ్బాళ దాటాక ముందు బండికి ఎంత దూరంలో ఉండాలి?

శుక్రవారం సాయంత్రం బెంగళూరులోని మారతహళ్లి నుంచో, వైట్‌ఫీల్డ్ నుంచో అనంతపురం, కర్నూలు వైపు కారులో బయల్దేరేవాళ్లకు హెబ్బాళ ఫ్లైఓవర్ దాకా రోడ్డు ఒక రకం, దాటాక ఇంకో రకం. రింగ్ రోడ్డు మీద ముల్లు ఇరవై దాటదు. ముందు కారుకీ మనకీ మధ్య ఒక బైకు పట్టేంత జాగా ఉంటే అదే గొప్ప. యలహంక వైపు రోడ్డు తెరుచుకోగానే కాసేపట్లో స్పీడు ఎనభైకి చేరుతుంది. స్పీడు నాలుగింతలైనా ఆ జాగా పెద్దగా పెరగదు. అంతసేపు ఆనించి ఆనించి నడిపిన కంటికి పదిహేను మీటర్లు కూడా చాలా దూరంగానే కనిపిస్తుంది మరి.

అందుకే ఈ దూరాన్ని కంటితో కాకుండా సెకన్లలో కొలవాలి. కొలవడం తేలిక. ముందు బండికి రెండు సెకన్ల దూరం ఉండాలన్నది అందరూ చెప్పే రూలు. ఆ రెండు సెకన్లు ఎప్పుడు సరిపోతాయి, ఎప్పుడు సరిపోవు అనేది మాత్రం చాలామందికి తెలియదు. ముందు కొలత, ఆ తర్వాత మిగతావి చూద్దాం.

గ్యాప్ కొలవడం

రోడ్డు పక్కన కదలకుండా ఉన్న ఒక గుర్తు ఎంచుకోండి. దీపస్తంభం, తలపైన అడ్డంగా ఉండే సైన్‌బోర్డు, ఫ్లైఓవర్ నీడ, రోడ్డు మీద అతుకు, ఏదైనా సరే. ముందు బండి వెనక బంపర్ ఆ గుర్తును దాటిన క్షణం నుంచి మనసులో లెక్క మొదలుపెట్టండి: "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు". రెండోది పూర్తిగా పలికాకే మీ కారు ముందు భాగం ఆ గుర్తును చేరాలి. "వెయ్యిన్ని..." దగ్గరే చేరిపోతే మీరు ఒక్క సెకను దూరంలోనే ఉన్నారు. ఉత్త "ఒకటి, రెండు" అని లెక్కపెట్టకండి. టెన్షన్‌లో ఆ రెండు మాటలూ ఒక్క సెకనులో అయిపోతాయి. ఇంట్లో గోడ గడియారం సెకన్ల ముల్లు చూస్తూ నాలుగైదుసార్లు అనుకుంటే వేగం కుదురుతుంది.

మొదట డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్నప్పుడు కొలిచి చూడండి. ఎయిర్‌పోర్టు క్యాబ్‌లో వెళ్తున్నప్పుడు ఇంతకన్నా పనికొచ్చే కాలక్షేపం లేదు. సాదహళ్లి టోల్ లోపు మీ క్యాబ్ ఎన్నిసార్లు ఒక్క సెకను దూరంలోకి వెళ్తుందో చూస్తే మీకే అర్థమవుతుంది.

సెకన్లు లెక్క కాబట్టి స్పీడు పెరిగితే దూరం దానంతట అదే పెరుగుతుంది. మీటర్లలో తెలుసుకోవాలంటే ఒక సులువు ఉంది. స్పీడులో సగం తీసుకుని, ఆ సగానికి దాని పదో వంతు కలపండి. 60 అయితే ముప్పై, దానికి మూడు కలిపితే 33 మీటర్లు. 80 అయితే 44. నూరు అయితే 55. హ్యాచ్‌బ్యాక్ కారు పొడవు నాలుగు మీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, ఎనభైలో వెళ్తున్నప్పుడు మీకూ ముందు బండికీ మధ్య పదకొండు చిన్న కార్లు వరసగా పట్టాలి. మొదటిసారి కొలిచి అంత ఖాళీ వదిలినవాళ్లకు రోడ్డు వృథా చేస్తున్నామేమో అనిపిస్తుంది. ఒకట్రెండు ప్రయాణాల్లో అలవాటైపోతుంది.

ఆ రెండు సెకన్లు ఎక్కడికి పోతాయి

ముందు కారు ఎర్ర లైటు వెలగగానే మన బ్రేకు పడదు. కన్ను చూడాలి, అది మామూలు బ్రేకా గట్టి బ్రేకా అని బుర్ర తేల్చుకోవాలి, కాలు ఒక పెడల్ మీంచి ఇంకో పెడల్ మీదికి మారాలి. మెలకువగా ఉన్న డ్రైవర్‌కు దీనికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుందనుకోండి. రోడ్లు డిజైన్ చేసేటప్పుడు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో అయితే ఇంకా ఉదారంగా రెండున్నర సెకన్లు ఇస్తారు. ఎనభైలో వెళ్తున్న బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఒకటిన్నర సెకనులో, బ్రేకు ఇంకా పడకముందే, 33 మీటర్లు అయిపోతాయి.

ఇప్పుడు ముందు కారు గట్టిగా బ్రేకు వేసిందనుకోండి. రెండు కార్లూ ఒకేలాంటివి, బ్రేకులూ ఒకేలా పట్టాయి. మీరు ఒక్క సెకను వెనక ఉంటే మీ దగ్గరున్నది 22 మీటర్లు, మీ కాలు కదలడానికి కావలసింది 33. గుద్దుకోవడం ఖాయం. బ్రేకులు ఎంత కొత్తవైనా, మీరెంత మంచి డ్రైవరైనా ఈ తీసివేత మారదు. రెండు సెకన్ల వెనక ఉంటే 44 లోంచి 33 పోయి, 11 మీటర్లు మిగిలుండగా ఆగుతారు.

ఇక్కడితో ఆపితే రెండు సెకన్లే చాలనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది. ముందు బండి కూడా బ్రేకు వేసి, తనకు కావలసినంత దూరం జారి ఆగుతుందని అందులో అనుకున్నాం. మన హైవేల మీద ప్రతిసారీ అలా జరగదు.

ముందు బండి ఆగకుండా తప్పుకుంటే

చిక్కబళ్లాపురం దాటి బాగేపల్లి వైపు వెళ్తున్నారు. రోడ్డు పొడిగా ఉంది, స్పీడు ఎనభై. ముందు ఒక పెద్ద ఎస్‌యూవీ, దాని వెనక సరిగ్గా రెండు సెకన్ల దూరంలో మీరు. దాని అవతల ఏముందో మీకు కనిపించదు. ఎడమ లేన్‌లో టైరు పంక్చరై ఒక లారీ ఆగి ఉంది. వెనక రెండు రాళ్లు, ఒక చెట్టు కొమ్మ పెట్టారు. ఎస్‌యూవీ డ్రైవర్ లారీని ఆఖరి క్షణంలో చూసి, బ్రేకు జోలికి పోకుండా స్టీరింగు కుడికి తిప్పి తప్పుకున్నాడు. మీ ఎదుట ఎర్ర లైటేమీ వెలగలేదు. పరదా తీసినట్టు, 44 మీటర్ల దూరంలో లారీ వెనక భాగం మాత్రం కనిపించింది.

కాలు కదిలేలోపు 33 మీటర్లు పోయాయి, మిగిలింది 11. మంచి టైర్లున్న కారు పొడి తారు రోడ్డు మీద ఎనభై నుంచి పూర్తిగా ఆగడానికి బ్రేకు వేశాక సుమారు 36 మీటర్లు కావాలి. ఆ 11 మీటర్లలో తగ్గగలిగినంత తగ్గినా లారీని తాకే సరికి స్పీడు 67 దగ్గర ఉంటుంది. రూలు పాటించి కూడా గుద్దారు.

అదే చోట నాలుగు సెకన్ల దూరం ఉంటే చేతిలో 89 మీటర్లు ఉంటాయి. 33 పోగా మిగిలిన 56 మీటర్లలో కారు 36 దగ్గరే ఆగిపోతుంది. లారీకీ మీకూ మధ్య ఇంకా ఇరవై మీటర్లు మిగులుతుంది.

కాబట్టి రెండు సెకన్ల రూలును నేనిలా చదువుకుంటాను. ముందు బండి అద్దాల్లోంచి, పైనుంచి, పక్క నుంచి దాని అవతలి రోడ్డు మీకు కనిపిస్తుంటే రెండు సెకన్లు సరిపోతాయి. లారీ, బస్సు, టెంపో ట్రావెలర్, పెద్ద ఎస్‌యూవీ, గడ్డి వేసుకున్న ట్రాక్టర్ లాంటివి రోడ్డును మూసేస్తుంటే నాలుగు కావాలి. అంత వదలడం కుదరకపోతే లేన్ మార్చి దాని వెనక నుంచి తప్పుకోండి. వెనక్కి తగ్గితే లాభం ఇంకొకటి కూడా ఉంది. దూరం పెరిగేకొద్దీ ఆ పెద్ద బండి మూసే రోడ్డు తగ్గి, పక్కల నుంచి అవతలిది కనిపించడం మొదలవుతుంది. దగ్గరగా వెళ్తే బాగా కనిపించి ఓవర్‌టేక్ చేయడం సులువవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది దానికి తలకిందులు.

రాత్రి నాలుగు సెకన్లే. ముందు బండి టెయిల్ లైట్లనే చూస్తూ పోవడం సుఖంగా ఉంటుంది, కానీ లైటు వెలగని ట్రాలీ వెనక ఆ సుఖం పనికిరాదు.

రోడ్డు తడిసినప్పుడు

ముందు కారు కూడా అదే తడి రోడ్డు మీద జారుతుంది కదా, మళ్లీ దూరం పెంచడం దేనికి అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న న్యాయమైనదే. ఇద్దరి టైర్లూ ఒకటే అయితే పైన చెప్పిన మొదటి లెక్క తడిలో కూడా నిలబడుతుంది. కానీ మీ ముందున్నది కొత్త టైర్ల కారు, మీవి మూడేళ్ల నాటివి. పొడి రోడ్డు మీద ఈ తేడా పెద్దగా తెలియదు, నీళ్లలో బయటపడుతుంది. పైగా వైపర్లు తిరుగుతున్న అద్దంలోంచి, ముందు బండి లేపే తుంపరలోంచి బ్రేకు లైటు ఆలస్యంగా కనిపిస్తుంది.  ఇక ఆగి ఉన్న లారీ సంగతి సరేసరి. అది జారదు.

తడి తారు మీద టైరు పట్టు, పొడి రోడ్డు మీద ఉన్నదానిలో సగం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే ఉంటుందనుకోవచ్చు. అందుకే ఎనభైలో బ్రేకు వేశాక 36 మీటర్లలో ఆగే కారుకు వానలో సుమారు 63 కావాలి. కాలు కదిలే దూరం కూడా కలిపితే 96 మీటర్లు. రోడ్స్ కాంగ్రెస్ ఎనభై కిలోమీటర్లకు ఆగే దూరం 120 మీటర్లు అని లెక్కగట్టేది ఇలాంటివన్నీ దృష్టిలో పెట్టుకునే.

ఆ లారీ కథనే వానలో నడిపి చూడండి. నాలుగు సెకన్లు వదిలారు, అంటే 89 మీటర్లు. కావలసింది 96. స్పీడు చాలావరకు తగ్గినా, దాదాపు 27 కిలోమీటర్ల వేగంతో తగులుతారు. గ్యాప్ ఒక్కటే పెంచితే చాలదని ఇక్కడ తెలుస్తుంది. ఇప్పుడు స్పీడు అరవైకి తగ్గించండి. నాలుగు సెకన్లకు 67 మీటర్లు వస్తాయి. అరవైలో కాలు కదలడానికి 25, తడి రోడ్డు మీద ఆగడానికి 35, మొత్తం 60. ఏడు మీటర్ల ముందు ఆగిపోతారు. స్పీడులో ఇరవై తగ్గితే ఆగే దూరం 96 నుంచి 60కి పడింది. బ్రేకు దూరం స్పీడుతో సమానంగా పెరగదు, స్పీడు రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. అందుకే ఇంత తేడా. వానలో హైవే మీద నాలుగు సెకన్లు, అరవై కిలోమీటర్లు, ఈ రెండూ కలిపే పాటించండి. ఒకటి పాటించి ఇంకోటి వదిలేస్తే లెక్క కుదరదు.

బెంగళూరులో ప్రత్యేకంగా భయపడాల్సింది మార్చి నుంచి మే దాకా పడే మామిడి జల్లులకు. నెలల తరబడి రోడ్డు మీద చేరిన ఆయిలు, టైరు రబ్బరు పొడి, దుమ్ము మొదటి చినుకులతో కలిసి పలుచని జిడ్డు పొరలా లేస్తాయి. జోరు వాన పడితే అది కొట్టుకుపోతుంది. పడీ పడక ఆగిపోయే చిన్న జల్లే ఎక్కువ ప్రమాదం, వైపర్లు కూడా అక్కర్లేదనిపించే వాన. సెప్టెంబరు, అక్టోబరు వానలది వేరే సమస్య. అప్పుడు నీళ్లు నిలుస్తాయి. అండర్‌పాస్ దిగువన, మీడియన్ పక్కన, ఫ్లైఓవర్ దిగే చోట నిలిచిన నీళ్లమీద స్పీడుగా వెళ్తే టైరు నీటిని పక్కకు నెట్టలేక దానిమీదే తేలుతుంది. స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోతుంది, ఇంజను శబ్దం పెరిగినా బండి ఊపందుకోదు. ఇదే గుర్తు. అప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి స్టీరింగు నిటారుగా పట్టుకోండి. టైరు మళ్లీ నేలను పట్టేదాకా గట్టి బ్రేకు వేయకండి. క్రూయిజ్ కంట్రోల్ ఉన్న కారైతే వాన మొదలవగానే దాన్ని ఆపేయండి.

వానాకాలం ముందు టైర్లు ఒకసారి చూసుకోండి. టైరు గాడుల మధ్య అడుగున అడ్డంగా చిన్న రబ్బరు కట్టలుంటాయి. అవి ఎక్కడున్నాయో చూపించడానికి టైరు అంచున చిన్న త్రికోణమో, `TWI` అనే అక్షరాలో ఉంటాయి. టైరు అరిగి పైభాగం ఆ కట్టల మట్టానికి వచ్చిందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు పడిపోయినట్టు. చట్టం అక్కడ మార్చమంటుంది. కొత్త టైరులో ఈ లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. నా మాట వింటే ఆ కట్టల దాకా ఆగకండి, మూడు మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయండి. నీటిని బయటికి పంపేది ఆ గాడులే.

ఏబీఎస్ ఉంది కదా అని ధీమా వద్దు. చక్రం బిగుసుకోకుండా చూసి, బ్రేకు వేస్తూనే స్టీరింగు తిప్పే వీలు ఇవ్వడం దాని పని. తడి రోడ్డును అది పొడి రోడ్డుగా మార్చలేదు. గట్టిగా నొక్కినప్పుడు పెడల్ కాలి కింద టకటకమని కొట్టుకుంటే చెడిపోయిందనుకుని కాలు తీయకండి. పూర్తిగా నొక్కి ఉంచండి, అది పనిచేస్తోందని దానర్థం.

బైకు మీద వెళ్లేవాళ్లకు ఇంకో మాట. కారు వెనక సరిగ్గా మధ్యలో వెళ్లకండి. కారు గుంతను రెండు చక్రాల మధ్య వదిలేసి హాయిగా వెళ్లిపోతుంది, దాని కింద నుంచి ఆ గుంత నేరుగా మీ ముందు చక్రం కిందికి వస్తుంది. కారు టైరు వెళ్లిన జాడలో వెళ్తే నీళ్లు కాస్త పక్కకు తొలగి ఉంటాయి, ఆ కారు టైరు గుంతలో పడితే మీకు ముందే తెలుస్తుంది కూడా. తడిసిన లేన్ గీతలు, జీబ్రా చారలు, మ్యాన్‌హోల్ మూతలు, తవ్వకాల దగ్గర పరిచే ఇనుప రేకులు వీటి మీద బ్రేకు వేయకండి. అవి రాకముందే స్పీడు తగ్గించండి, రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా పట్టండి.

గ్యాప్ ఇస్తే దూరిపోతారు

సిటీలో ఇదంతా కుదరదని మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ క్యాబ్ నడుపుతున్న ఒకతను నాతో వాదించాడు. "జాగా ఇడిస్తే నలుగురు దూర్తారు సార్, ఇంకేం మిగుల్తాది?" అతను చెప్పింది అబద్ధం కాదు, దూరతారు. దూరితే ఏం పోతుందో లెక్క వేద్దాం. ఒక బండి మీ ముందుకు వచ్చింది, మీరు మళ్లీ రెండు సెకన్లు వెనక్కి తగ్గారు. మీరు పోగొట్టుకున్నది సుమారు ఆ రెండు సెకన్లే. దారి పొడవునా ముప్పై బండ్లు దూరినా ఒక్క నిమిషం. సిల్క్ బోర్డు దగ్గర ఒక సిగ్నల్ మారడానికి పట్టే టైము కూడా కాదది.

ఎవరైనా దూరినప్పుడు బ్రేకు వేయక్కర్లేదు, యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త తీస్తే గ్యాప్ దానంతట అదే తిరిగి వస్తుంది. ఇరవైలో పాకుతున్నప్పుడు రెండు సెకన్లంటే 11 మీటర్లు. రద్దీలో అంత నిలవదు, ఒప్పుకుంటాను. ఆ స్పీడులో చూపునే ఆసరా చేసుకోవాలి. ముందు బండిని కాకుండా దాని అవతలి రెండు మూడు బండ్ల బ్రేకు లైట్లను చూస్తూ నడపండి. ప్యాసింజర్ చెయ్యెత్తితే ఆటో ఎక్కడైనా ఆగుతుంది, బస్టాపు దగ్గర బస్సు ఆగుతుంది. ఈ రెండింటి వెనక మాత్రం రద్దీలో కూడా ఒక కారు పొడవు వదలండి.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందు బండి వెనక టైర్లు నేలను తాకే చోటు మీ సీట్లోంచి కనిపించాలి. అంత వదిలితే ముందు బండి మొరాయించినా పక్కకు తిప్పుకుని వెళ్లొచ్చు. వెనక నుంచి ఎవరైనా తగిలించినా మీరు వెళ్లి ముందు బండిని గుద్దరు.

మీ వెనక ఎవరైనా అంటుకుని వస్తుంటే

అద్దం నిండా ఒక బానెట్ కనిపిస్తుంది, హెడ్‌లైట్లు కొడుతుంటాడు. బుద్ధి చెప్పడానికి ఒకసారి బ్రేకు తట్టాలని కాలు దురద పెడుతుంది. వద్దు. ముందు మీ ఎదుటి గ్యాప్ పెంచండి. అతనికి ఆగే దూరం లేదు కాబట్టి ఇద్దరికీ కావలసిన దూరం మీరే ముందు వైపు ఉంచుకోవాలి. అప్పుడు ముందు ఏమైనా అయితే మీరు మెల్లగా ఆగొచ్చు, అతనికీ టైము దొరుకుతుంది. తర్వాత ఇండికేటర్ వేసి ఎడమ లేన్‌లోకి జరిగి అతన్ని పోనివ్వండి. అతని కోసం స్పీడు పెంచకండి, ఎంత పెంచినా అంతే దగ్గరగా వస్తాడు.

పట్టుబడితే, గుద్దితే

ఇలా ముందు బండికి అంటుకుని నడపడాన్ని టెయిల్‌గేటింగ్ అంటారు, మోటారు వాహనాల చట్టంలో ఆ పేరుతో నేరమేదీ లేదు. ముందు బండి ఉన్నట్టుండి ఆగినా క్షేమంగా ఆగగలిగేంత దూరం ఉంచాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతాయి. ఈ నిబంధనలు మీరితే 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 177ఎ కింద 500 నుంచి 1,000 రూపాయల దాకా జరిమానా. నడిపిన తీరు ప్రమాదకరమని పోలీసులు భావిస్తే సెక్షన్ 184 వస్తుంది. మొదటిసారైతే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ కింద లైసెన్సు స్వాధీనం చేసుకుని సస్పెన్షన్‌కు పంపే అధికారం కూడా పోలీసులకు ఉంది. అక్కడికక్కడే కట్టించుకునే మొత్తాన్ని రాష్ట్రాలు నిర్ణయిస్తాయి కాబట్టి కర్ణాటకలో ఒక అంకె, కొడికొండ దాటి ఆంధ్రలోకి వెళ్లాక ఇంకో అంకె కనిపించవచ్చు.

మామూలు రోజుల్లో గ్యాప్ తక్కువని చలాన్ రావడం అరుదు. కెమెరాలు ఎక్కువగా పట్టేది స్పీడు, సిగ్నల్, హెల్మెట్, సీటుబెల్టు. ఈ నిబంధన బయటికి వచ్చేది గుద్దిన తర్వాత. ఎవరికైనా తీవ్ర గాయమైతే భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 125 కింద మూడేళ్ల దాకా, ప్రాణం పోతే సెక్షన్ 106 కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

నష్టపరిహారం కేసుల్లో కోర్టులు ఈ దూరాన్ని ఎలా చూస్తాయో రెండు సుప్రీంకోర్టు తీర్పులు చూస్తే తెలుస్తుంది. 2018లో నిషాన్ సింగ్ కేసులో, లారీ ఉన్నట్టుండి బ్రేకు వేయడంతో వెనక వస్తున్న మారుతి కారు దాన్ని గుద్దింది. రెండింటి మధ్య దూరం 10 నుంచి 15 అడుగులు. తగినంత దూరమంటే ఎంతో నిబంధనల్లో లేదని గుర్తించిన కోర్టు, పరిస్థితులు బాగున్నప్పుడు కనీసం రెండు మూడు సెకన్ల దూరం ఉండాలని చెప్పి తప్పు కారు డ్రైవర్‌దేనంది. అంటే రెండు సెకన్ల లెక్క డ్రైవింగ్ స్కూలు సలహా స్థాయి దాటి తీర్పులోకి ఎక్కింది.

అలాగని ముందున్నవాడికి ఎప్పుడూ తప్పు అంటదని కాదు. కోయంబత్తూరులో 2017లో జరిగిన ప్రమాదంపై 2025 జులైలో తీర్పు వచ్చింది. హైవే మీద ఒక కారు సిగ్నల్ ఏదీ ఇవ్వకుండా ఉన్నట్టుండి ఆగింది. వెనక వస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థి బైకు దాన్ని గుద్దుకుని పడిపోయింది, అతని మీదుగా బస్సు వెళ్లింది. ఆ అబ్బాయి కాలు తీసేయాల్సి వచ్చింది. భార్య గర్భిణి, వాంతి వచ్చేలా ఉందంటే ఆపానన్నాడు కారు డ్రైవర్. కోర్టు ఆ కారణాన్ని ఒప్పుకోలేదు. తప్పును కారుకు 50 శాతం, బస్సుకు 30, బైకు నడిపిన అబ్బాయికి 20 శాతంగా పంచింది. అబ్బాయి వాటాకు కారణాలు ముందు కారుకు తగినంత దూరం ఉంచకపోవడం, లైసెన్సు లేకపోవడం. అద్దంలో కనిపించే బానెట్‌కు బుద్ధి చెప్పాలని బ్రేకు తట్టేవాళ్లు ఆ 50 శాతాన్ని గుర్తుంచుకోవాలి.

వెనక నుంచి గుద్దినవాళ్లు మీరైతే ముందు హజార్డ్ లైట్లు వేయండి. ఎవరికైనా గాయమైతే 112కి ఫోన్ చేయండి. గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం, పోలీసులకు వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు తెలియజేయడం చట్టప్రకారం డ్రైవర్ బాధ్యత. ఎవరికీ ఏమీ కాకపోతే రెండు బండ్లూ ఆగిన తీరు, నంబరు ప్లేట్లు, రోడ్డు తడిగా ఉందా పొడిగా ఉందా తెలిసేలా నాలుగు ఫోటోలు తీసి బండిని పక్కకు జరపండి. వెనకొచ్చే బండి మీ రెండింటినీ గుద్దకముందే ఇదంతా అయిపోవాలి. ముందు బండికి జరిగిన నష్టం మీ థర్డ్ పార్టీ పాలసీలోకి వస్తుంది. మీ బానెట్, రేడియేటర్ సంగతి మాత్రం సమగ్ర పాలసీ ఉంటేనే, అదీ క్లెయిము వేస్తే ఏడాదికేడాది పెరుగుతూ వచ్చిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. చిన్న సొట్టకైతే క్లెయిము వేయకముందే గ్యారేజీలో అంచనా అడిగి, పోయే బోనస్‌తో పోల్చి చూసుకోండి.